గేమ్ కన్సోల్ డ్రైవ్‌ని చూడకపోతే ఫార్మాట్ కొట్టేయడమేనా? అపోహలు – వాస్తవాలు

నాది డేటా రికవరీ పని. నా బల్ల మీదికి వచ్చే హార్డ్ డిస్కుల్లో నిజంగా చెడిపోయినవి కొన్నే. మంచివే అయినా, ఎవరో చెప్పిన మాట విని యజమానే చెరిపేసుకున్నవి చాలా వస్తాయి. అందులో నాకు బాగా విసుగు తెప్పించే మాట ఇది.

అపోహ: "కన్సోల్‌కి డ్రైవ్ కనపడకపోతే పాడైనట్టే. ఒకసారి ఫార్మాట్ కొడితే సరిపోతుంది."

వాస్తవం: డ్రైవ్ చాలాసార్లు చక్కగానే ఉంటుంది. దాని ఫైల్ సిస్టమ్‌ని చదవడం కన్సోల్‌కి రాదు, అంతే. ఫైల్ సిస్టమ్ అంటే పుస్తకానికి విషయసూచిక లాంటిది: ఏ ఫైలు ఎక్కడ మొదలైంది, ఎంత పొడవు, పేరేమిటి అన్నీ అందులోనే ఉంటాయి. సూచిక తెలియని లిపిలో ఉంటే పుస్తకం చేతిలో ఉన్నా చదవలేం. అలాగని పుస్తకం ఖాళీ అనుకుంటామా?

విండోస్ కంప్యూటర్‌లో వాడే పెద్ద డ్రైవులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటాయి. ప్లేస్టేషన్ 4, 5 రెండూ దాన్ని చదవవు. సినిమాలు, పాటలు చూపించాలంటే వాటికి ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ కావాలి. ఎక్స్‌బాక్స్ వన్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా చదువుతుంది. ఆ ఫార్మాట్ తయారుచేసిన సంస్థే ఆ కన్సోల్‌నీ తయారుచేసింది మరి. "మా స్నేహితుడి దగ్గర పనిచేసింది, మా దగ్గర ఎందుకు చేయదు" అని అడిగేవాళ్లకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. కన్సోల్ డ్రైవ్‌ని రెండు రకాలుగా వాడుకుంటుంది. ఒకటి, మీరు పెట్టిన ఫైళ్లు చదవడం. రెండోది, ఆటలు దాచుకునే అదనపు నిల్వగా వాడుకోవడం. ఈ రెండో పనికి కన్సోల్ డ్రైవ్ మొత్తాన్నీ తన సొంత ఫార్మాట్‌లోకి మార్చుకుంటుంది. ముందు నుంచి ఉన్నదేదీ మిగల్చదు. సినిమా కనపడలేదని సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెతికేవాళ్లకి అక్కడ కనిపించేది ఈ రెండో దారే. పీఎస్4లో దాని పేరు `Format as Extended Storage`. మొత్తం పోతుందని తెర మీద హెచ్చరిక వస్తుంది. కంగారులో ఉన్నవాళ్లు దాన్ని చదవరు. వాళ్లని తప్పుపట్టను, నేనూ అలాంటి హెచ్చరికలు ఎన్నో చదవకుండా నొక్కేశాను.

ఒకావిడ 1 టీబీ డ్రైవ్ తెచ్చారు. పదేళ్ల కుటుంబ ఫోటోలు, అబ్బాయి చూద్దామనుకున్న రెండు సినిమాలు, అన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో. సినిమాలు కనపడకపోయేసరికి అబ్బాయి ఆ బటన్ నొక్కాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న: "తర్వాత దాంట్లో ఏదైనా ఆట ఎక్కించారా?" లేదన్నారు. అప్పుడే నా భుజాలు కాస్త వదులయ్యాయి.

ముందు ఆ డ్రైవ్ మొత్తాన్నీ, మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా, ఇంకో డ్రైవ్‌లోకి నకలు తీశాను. ఇక ఏం చేసినా నకలు మీదే, అసలుదాన్ని ముట్టుకోలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో నాకు కలిసొచ్చే సంగతులు రెండు. డ్రైవ్‌లో ఫైళ్లకి కేటాయించిన భాగాన్ని పార్టిషన్ అంటారు; దాని వివరాలు రాసి ఉండే మొదటి సెక్టార్, అంటే బూట్ సెక్టార్, నకలొకటి ఆ పార్టిషన్ చివర్లో ఉంటుంది. ఫైళ్ల పట్టిక, అంటే ఎంఎఫ్‌టీ, మామూలుగా పార్టిషన్ మొదట్లో కాకుండా సుమారు 3 జీబీ లోపలికి మొదలవుతుంది. కొత్త ఫార్మాట్ మొదట్లో రాసినదాని దెబ్బ అక్కడిదాకా తగలకపోవచ్చు. టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్‌తో వెతికితే పాత పార్టిషన్ దొరికింది, ఫోల్డర్ల పేర్లతో సహా. ఫోటోల్లో చాలావరకు తెరుచుకున్నాయి. కొన్నిట్లో పై సగం బాగుంది, కింద బూడిదరంగు పట్టీ: కన్సోల్ తన సొంత లెక్కలు రాసుకున్న చోట్లు అవి.

మరో ఇంటివాళ్లు ఇదే తప్పు చేసి, పైన 60 జీబీ ఆట ఒకటి ఎక్కించి ఆ తర్వాత వచ్చారు. పట్టిక పోయింది. పేర్లు లేని ఫోటోల ముక్కలు కొన్ని ఏరగలిగాను, అంతే. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ మాత్రం ఆశ కూడా తక్కువే. ఫార్మాట్ చేసేటప్పుడు ట్రిమ్ జరిగితే, అంటే ఇక వాడని చోట్లు ఖాళీ చేసుకోమని ఎస్‌ఎస్‌డీకి ఆదేశం వెళ్తే, పాత డేటా చేతికందదు.

దీనికి తిరగేసిన అపోహ ఇంకోటి ఉంది. కన్సోల్ ఫార్మాట్ చేసుకున్న డ్రైవ్‌ని కంప్యూటర్‌కి పెడితే విండోస్ దాన్ని గుర్తుపట్టక `You need to format the disk` అంటుంది, లేదా ఇనిషియలైజ్ చేయమంటుంది. పాడైందనుకుని సరే అంటారు. ఇక్కడ నష్టం తక్కువ. ఆటలు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, పీఎస్4లో సేవ్ ఫైళ్లు ఎలాగూ లోపలి డిస్కులోనే ఉంటాయి. అయినా ఆ పెట్టె వస్తే క్యాన్సిల్ నొక్కండి.

మరి సరైన పద్ధతేమిటంటే, ముందు ఫార్మాట్ ఏమిటో చూడండి. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూసినా చాలు. పవర్‌షెల్ అలవాటున్నవాళ్లు, డ్రైవ్ అక్షరం `E` అయితే:

```
Get-Volume -DriveLetter E
```

ఎన్‌టీఎఫ్‌ఎస్ అని వచ్చిందనుకోండి. దాన్ని ఉన్నపళంగా ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చే దారి విండోస్‌లో లేదు. దాని `convert` ఆదేశం ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మాత్రమే తీసుకెళ్తుంది, వెనక్కి రాదు. కాబట్టి ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసి, ఆ కాపీలోంచి నాలుగైదు తెరిచి చూసి, ఆ తర్వాతే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. అక్కడ `Quick Format` టిక్ తీసేయకండి. విండోస్ విస్టా నుంచీ పూర్తి ఫార్మాట్ డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తుంది. అప్పుడు పొరపాటు తెలిసినా నాలాంటివాడు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫ్యాట్32 ఎందుకు వద్దంటే, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. 200 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ సినిమా ఎక్కదు, `The file is too large for the destination file system` అంటుంది. డిస్కు నిండిందని దాని అర్థం కాదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ హద్దు లేదు. కాకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా మార్పుల చిట్టా రాసుకోదు కాబట్టి కాపీ మధ్యలో వైరు లాగితే త్వరగా దెబ్బతింటుంది.

మిగతావి గబగబా. ఎక్స్‌ఫ్యాట్ అయినా కనపడకపోతే వైరు మార్చండి, కొన్ని వైర్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి. ఆటల నిల్వకైతే పీఎస్4, పీఎస్5లకి యూఎస్‌బీ 3 వేగం, కనీసం 250 జీబీ, గరిష్ఠంగా 8 టీబీ కావాలి. హబ్ ద్వారా పెట్టకండి, నేరుగా కన్సోల్‌కే పెట్టండి. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవ్ పాత కన్సోల్‌కి కనపడకపోతే ఫైల్ సిస్టమ్‌తో పాటు స్కీమ్, అంటే పార్టిషన్ల జాబితా రాసే పద్ధతి, కూడా చూడండి. అది కొత్త పద్ధతి జీపీటీ అయితే పాత పద్ధతి ఎంబీఆర్ పెట్టి ప్రయత్నించండి. దీనికీ డ్రైవ్ చెరిపేయాల్సిందే, కాబట్టి కాపీ ముందు. ఇక సిస్టమ్ అప్‌డేట్ ఫైలు పెన్ డ్రైవ్‌లో కనపడటం లేదంటే ఫార్మాట్‌ని తిట్టేముందు ఫోల్డర్ పేరు చూడండి. పీఎస్4కి అది పెద్ద అక్షరాల్లో, సరిగ్గా ఇలా ఉండాలి:

```
PS4/UPDATE/PS4UPDATE.PUP
```

రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ ఆ పేరు చివర `(1)` తగిలిస్తుంది. దానివల్లే "పెన్ డ్రైవ్ పాడైంది" అంటూ వచ్చినవాళ్లున్నారు. ఆ మూడు గుర్తులు తీసేసి ఇచ్చి పంపాను.