అర్ధరాత్రి వాట్సాప్ నుంచి పొద్దున్నే క్షమాపణ మెయిల్ దాకా: అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడలో డెలివరీ మేనేజర్‌ని, మా క్లయింట్లలో చాలామంది గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో ఏదన్నా తేడా వస్తే టీమ్ కుర్రాళ్ళు నాకు వాట్సాప్‌లో కంగారుగా కొట్టేస్తారు, దాన్ని క్లయింట్‌కి పంపే మెయిల్‌గా మార్చడం నా పని. ఈ పని మీద కొత్తగా లీడ్ అయినవాళ్ళకి చాలా అపోహలున్నాయి. ఒక కేసు పట్టుకుని చెప్తా.

ఆదివారం రాత్రి సీజన్ అద్దె బిల్లులు వేసే జాబ్ రన్ అయింది. దాని తర్వాత వచ్చిన మెసేజ్‌లు ఇవి:

"అన్నా అర్జెంట్"
"బిల్లులు డబుల్ పడ్డాయ్ అందరికీ"
"నేను ఒక్కసారే నొక్కా, సర్వరే మళ్ళీ రన్ చేసిందేమో"
"స్క్రీన్ మీద టైమౌట్ వచ్చింది అందుకే మళ్ళీ రన్ చేశా"
"ఎస్సెమ్మెస్‌లు వెళ్తున్నాయ్, ఇప్పుడే ఆపేశా 11:58"
"పొద్దునకల్లా అంతా సెట్ చేసేస్తా"
"వాళ్ళకి తెలిసేలోపే డిలీట్ కొట్టేద్దామా అన్నా"

అపోహ: ఈ మెసేజ్‌లనే కాస్త మర్యాదగా తిప్పి రాస్తే మెయిల్ అయిపోతుంది.

కాదు. ముందు ఒక్కో లైను పక్కన అది ఏంటో రాసుకోవాలి: చూసింది, అనుకుంటున్నది, మాటిచ్చింది, భయపడి అన్నది. మెయిల్‌లోకి వెళ్ళేది మొదటి రకం ఒక్కటే. పైన వాటిలో నికరంగా చూసిందంటే 11:58కి ఎస్సెమ్మెస్‌లు ఆపడం, టైమౌట్ కనపడటం, ఈ రెండే. "ఒక్కసారే నొక్కా", "మళ్ళీ రన్ చేశా" ఒకదానికొకటి పొసగవు, అలాంటప్పుడు కుర్రాడిని గుచ్చి గుచ్చి అడిగి లాభం లేదు, భయంలో ఉన్నాడు, లాగ్ తెరిచి చూడాలి. లాగ్‌లో 11:20కి ఒక రన్, 11:31కి ఇంకో రన్ ఉన్నాయి. స్క్రీన్ టైమౌట్ అయినా మొదటి రన్ వెనకాల నడుస్తూనే ఉంది, అది తెలియక రెండోసారి నొక్కితే సిస్టమ్ ఏమీ అనకుండా మళ్ళీ బిల్లులు వేసేసింది.

ఇక "అందరికీ" అనే మాట. అది మెయిల్‌లోకి వెళ్తే క్లయింట్ గుండె ఆగిపోతుంది, పైగా అబద్ధం కూడా. లెక్క డేటాబేస్ నుంచి రావాలి:

```sql
SELECT lot_no, season, COUNT(*)
FROM bills
GROUP BY lot_no, season
HAVING COUNT(*) > 1;
```

312 లాట్లు వచ్చాయి. కానీ స్టోరేజీ ఓనర్ ఆలోచించేది లాట్లలో కాదు, రైతుల్లో, ఒకే రైతుకి నాలుగైదు లాట్లుండొచ్చు, అందుకని రైతు వారీగా మళ్ళీ తీస్తే 207 మంది తేలారు. పొద్దున్నే ఆయనకి ఫోన్లు చేసేది ఆ 207 మందే కాబట్టి మెయిల్‌లో ముందు ఆ నంబరే పెట్టాలి.

అపోహ: అసలు కారణం పూర్తిగా తేలాకే మెయిల్ పెట్టాలి, లేకపోతే తెలివితక్కువగా కనిపిస్తాం.

ఆ లోపు ఆయనకి రైతుల నుంచే తెలిసిపోతుంది, అప్పుడు మనం ఎంత బాగా రాసినా దాచిపెట్టినట్టే ఉంటుంది. ఈ కేసులో గేటు తెరిచే టైమే మనకి గడువు. బకాయి కనపడుతుంటే గేట్ పాస్ రాదు, గేట్ పాస్ లేకపోతే మిర్చి బస్తాలు బయటికి పోవు, సోమవారం యార్డుకి సరుకు తీసుకెళ్దామని లారీ మాట్లాడుకుని వచ్చిన రైతు కౌంటర్ దగ్గరే ఆగిపోతాడు. అందుకే గేటు తెరవకముందే 6 గంటలకి ఓనర్ గారికి ఫోన్, వెంటనే మెయిల్. ఫోన్ లేకుండా మెయిల్ ఒక్కటే పెడితే పొద్దున పూట ఎవరూ చూడరు.

అపోహ: ఎన్నిసార్లు సారీ చెప్తే అంత మంచిది.

ఒక్కసారి చాలు, కానీ దేనికో చెప్పాలి. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటే ఆయనకి ఏం ఇబ్బంది వచ్చిందో మనకి తెలియదనే అర్థమవుతుంది. ఆఫీసులో మెయిల్ ఇంగ్లీషులో వెళ్తుంది గానీ సంగతి ఇది:

సబ్జెక్ట్: 207 మంది రైతులకి రెండోసారి పడిన అద్దె బిల్లులు, ప్రస్తుత పరిస్థితి (సోమవారం ఉదయం 6:15)

"నమస్తే అండీ. నిన్న రాత్రి మా సిస్టమ్ 312 లాట్లకి అద్దె బిల్లు రెండుసార్లు వేసింది. దీనివల్ల 207 మంది రైతుల పేరు మీద లేని బకాయి కనపడుతోంది, మీ రైతుల ముందు మీకు ఇబ్బంది తెచ్చినందుకు క్షమించండి.

రాత్రి 11:58కి ఎస్సెమ్మెస్‌లు ఆపాం. అప్పటికే కొందరికి వెళ్ళాయి, ఎవరెవరికో లిస్టు జతచేశాం. మొదటి బిల్లు సరైనదే, రెండోది పట్టించుకోనక్కర్లేదు. ఈ 207 మందికి బకాయి లాక్ తీసేశాం, గేట్ పాస్ మామూలుగానే వస్తుంది, కౌంటర్‌లో మొదటి బిల్లు మొత్తం మాత్రం చూసుకోమనండి.

మొదటి రన్ నడుస్తుండగానే రెండో రన్‌ని సిస్టమ్ ఒప్పుకోవడం వల్ల ఇలా జరిగింది. ఎవరైనా రెండో బిల్లు కూడా కట్టేశారేమో ఇంకా చూస్తున్నాం. దాని వివరంతో 9 గంటలకి మళ్ళీ మెయిల్ పెడతాను."

"పొద్దునకల్లా అంతా సెట్" ఇందులో ఎక్కడా లేదు చూడండి. ఆ మాట కుర్రాడిది, ఆ రాత్రి దాన్ని నిలబెట్టుకోగలడో లేదో వాడికే తెలియదు. 9 గంటలకి మెయిల్ పెట్టడం మాత్రం నా చేతిలో ఉన్న పని, అప్పటికి ఏమీ తేలకపోయినా "ఇంకా చూస్తున్నాం" అని పెట్టగలను.

అపోహ: ఎవరు చేశారో చెప్తే క్లయింట్ శాంతిస్తాడు.

శాంతించడు, ఇంకోసారి ఇంకొకడు చేస్తే ఏంటి అని అడుగుతాడు, అది న్యాయమైన ప్రశ్నే. "మానవ తప్పిదం" అని రాసినా అదే ప్రశ్న. టైమౌట్ చూసి మళ్ళీ నొక్కడం ఎవరైనా చేసే పని, అలా నొక్కినా రెండో బిల్లు పడకుండా ఆపే చెక్ లేకపోవడమే కారణం. ఆ కుర్రాడి పేరు మెయిల్‌లోనే కాదు, ఫార్వర్డ్ అయ్యే కింది థ్రెడ్‌లో కూడా ఉండకూడదు, అందుకే నేను ఎప్పుడూ కొత్త మెయిల్ మొదలుపెడతా.

అపోహ: తెలియకముందే డిలీట్ చేస్తే మెయిల్ అవసరమే ఉండదు.

ఇది అన్నిటికంటే ప్రమాదం. ఎస్సెమ్మెస్ రైతు ఫోన్‌లో ఉంది, దాని మీద బిల్లు నంబర్ ఉంది, రేపు ఆ నంబర్ సిస్టమ్‌లో లేకపోతే స్టోరేజీ వాళ్ళే దొంగ బిల్లు పంపారనుకుంటాడు. బిల్లుని రద్దు చెయ్యాలి, రద్దయినట్టు కారణంతో సహా రికార్డు ఉండాలి.

అపోహ: సారీ అని రాస్తే డబ్బు కట్టాల్సి వస్తుంది.

జరిగింది చెప్పడం వేరు, పరిహారం ఒప్పుకోవడం వేరు. బిల్లులో తగ్గింపు, పెనాల్టీ లాంటి మాటలు కాంట్రాక్ట్ చూసి, అకౌంట్ మేనేజర్‌తో మాట్లాడాకే రాయాలి, మొదటి మెయిల్‌లో అసలొద్దు. సిస్టమ్‌లోకి బయటివాళ్ళు చొరబడ్డారనో, డేటా బయటికి పోయిందనో అనుమానం ఉంటే మాత్రం దారే వేరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం అలాంటివి గమనించిన 6 గంటల్లోపు రిపోర్ట్ చెయ్యాలి, అందుకని మెయిల్ డ్రాఫ్ట్‌కి ముందే సెక్యూరిటీ, లీగల్ వాళ్ళని లేపాలి. మా కేసులో ఎవరి బిల్లు వాళ్ళకే వెళ్ళిందని లిస్టు సరిచూసుకున్నాకే దీన్ని మామూలు మెయిల్‌గా రాశాం.

9 గంటల మెయిల్ చిన్నది. ఇద్దరు రైతులు రెండో బిల్లు కూడా యూపీఐలో కట్టేశారు, వాళ్ళ డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి పంపమని ఓనర్ గారి అకౌంటెంట్‌కి లావాదేవీ నంబర్లు ఇచ్చాం. 312 రెండో బిల్లులూ రద్దయ్యాయి, ఒకే లాట్‌కి ఒకే సీజన్‌లో రెండో బిల్లు పడకుండా డేటాబేస్‌లోనే ఆపే చెక్ బుధవారం రాత్రి పెడతాం, పెట్టాక ఆయన ముందే రెండుసార్లు రన్ చేసి చూపిస్తాం అని రాశాం.