చార్జ్‌బ్యాక్: ఆన్‌లైన్‌లో అమ్మేవారి అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారుల తరఫున చార్జ్‌బ్యాక్‌లకు జవాబులు తయారు చేయడం నా పని. కొన్నవారు ఫిర్యాదు చేస్తే వాళ్ల బ్యాంకు ఆ చెల్లింపును వెనక్కి లాగడమే చార్జ్‌బ్యాక్. ఓడిపోయిన కేసుల్లో చాలావాటిలో అమ్మినవారి తప్పు ఉండదు. బ్యాంకు అడిగింది ఒకటైతే, వాళ్లు పంపింది ఇంకొకటి. ఇక్కడ కార్డు చెల్లింపుల గురించే చెబుతాను. యూపీఐ ఫిర్యాదుల పద్ధతి వేరు.

అపోహ: ఓటీపీ కొట్టి కట్టారు కాబట్టి డబ్బు వెనక్కి అడగలేరు.

"ఈ చెల్లింపు నేను చేయలేదు" అనే ఫిర్యాదుకు మాత్రమే ఓటీపీ అడ్డు నిలుస్తుంది. అలాంటప్పుడు నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీద పడుతుంది. "సరుకు అందలేదు", "చెప్పినట్టు లేదు" అనే ఫిర్యాదులకు ఓటీపీతో సంబంధం లేదు. విదేశీ కార్డుతో ఓటీపీ లేకుండా డబ్బు వచ్చిందంటే ఆ మొదటి రక్షణ కూడా ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు చీరలు, పచ్చళ్లు పంపేవారు ఈ తేడా తెలుసుకుని ఉండాలి.

అపోహ: డబ్బు నా ఖాతాలో పడింది, ఇక అది నాదే.

వీసా కార్డు నెట్‌వర్క్ నిబంధనల్లో చాలా ఫిర్యాదులకు గడువు 120 రోజులు. సరుకు అందలేదన్న ఫిర్యాదుకైతే, అందాల్సిన తేదీ నుంచి కూడా ఈ లెక్క మొదలుకావచ్చు. అందుకే మీరు మరిచిపోయిన ఆర్డరు మీద కూడా నోటీసు వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రూ.4,800 మంగళగిరి చీర అమ్మారు. కార్డు డబ్బు తీసుకుని మీ ఖాతాలో వేసే గేట్‌వే రుసుము 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి రూ.113.28 పోగా ఖాతాలో రూ.4,686.72 పడింది. నలభై రోజుల తర్వాత చార్జ్‌బ్యాక్ వచ్చింది. ఆ రోజు మీకు రావాల్సిన సెటిల్‌మెంట్ రూ.5,858.40 అనుకుందాం. చాలా గేట్‌వేలు అందులోంచి పూర్తి రూ.4,800 పట్టుకుంటాయి, మీ చేతికి వచ్చేది రూ.1,058.40. పట్టుకోవడానికి చాలకపోతే బ్యాలెన్స్ మైనస్‌లోకి వెళ్లి, తర్వాతి అమ్మకాల డబ్బు దానికి జమవుతుంది. కేసు గెలిస్తే రూ.4,800 తిరిగి వస్తుంది. ఓడితే చీర, కొరియర్ ఖర్చు, మొదట కట్టిన రుసుము కూడా పోయినట్టే. కొన్ని గేట్‌వేలు చార్జ్‌బ్యాక్‌కు విడిగా రుసుము కూడా వేస్తాయి కాబట్టి మీ ఒప్పందం ఒకసారి చదవండి.

అపోహ: కొరియర్ డెలివరీ ప్రూఫ్ పెడితే గెలిచినట్టే.

నోటీసులో కారణం కోడ్ ఉంటుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. వీసాలో 13.1 అంటే సరుకు అందలేదని. దీనికి ట్రాకింగ్ నంబరు, చేరిన తేదీ, ఆర్డరులో ఉన్న చిరునామాకే చేరినట్టు చూపే సంతకం లేదా డెలివరీ ఓటీపీ రికార్డు బలంగా పనిచేస్తాయి.

13.3 అంటే చెప్పినట్టు లేదని. ఇక్కడ చీర అందిందని కొన్నవారే ఒప్పుకుంటున్నారు, డెలివరీ ప్రూఫ్‌తో తేలేది ఏమీ లేదు. ఆర్డరు రోజున మీ పేజీలో ఉన్న ఫొటో, వర్ణన, ప్యాకింగ్ ఫొటో, వాట్సాప్ సంభాషణ కావాలి. ఈ కోడ్‌లో కొన్నవారు సరుకు తిరిగి పంపి ఉండాలి, లేదా పంపడానికి ప్రయత్నించి ఉండాలి. మీరు వెనక్కి తీసుకుంటామని చెప్పినా వాళ్లు పంపకపోతే, జవాబు మొదటి వాక్యంలోనే ఆ మాట రాసి, సంభాషణ జతచేయండి. చాలామంది ఈ ఒక్క అంశాన్నే వదిలేస్తారు.

అపోహ: ఒకసారి గెలిస్తే కథ ముగిసింది.

మీ జవాబు గేట్‌వే నుంచి దాని బ్యాంకుకు, అక్కడి నుంచి కార్డు నెట్‌వర్క్ ద్వారా కొన్నవారి బ్యాంకుకు వెళ్తుంది. దీన్ని రిప్రెజెంట్‌మెంట్ అంటారు. ఆ బ్యాంకు ఒప్పుకోకపోతే కారణం చూపి ప్రీ-ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు. అప్పటికీ తేలకపోతే ఆర్బిట్రేషన్‌లో నెట్‌వర్కే తీర్పు చెబుతుంది. అక్కడ ఓడినవారి మీద పడే రుసుము వందల డాలర్లలో ఉంటుంది. చీర ధర కోసం అంతదూరం పోరాడమని నేను ఎవరికీ చెప్పను.

నెట్‌వర్క్ ఇచ్చే గడువు వారాల్లో ఉన్నా, గేట్‌వే మీకిచ్చేది సాధారణంగా కొద్ది రోజులే. ఆ తేదీ దాటి మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క.

అపోహ: నోటీసు రాగానే రీఫండ్ ఇచ్చేస్తే గొడవ ఉండదు.

చిన్నవారికి ఎక్కువగా తగిలే దెబ్బ ఇది. చార్జ్‌బ్యాక్‌లో రూ.4,800 అప్పటికే పట్టుకున్నారు. మీరు మంచిమనసుతో ఫోన్‌పేలో మరో రూ.4,800 పంపితే ఆ సంగతి బ్యాంకుకు తెలియదు, రెండుసార్లు కట్టినట్టవుతుంది. డబ్బు తిరిగి ఇవ్వాలనుకుంటే డాష్‌బోర్డులో చార్జ్‌బ్యాక్‌ను అంగీకరిస్తే చాలు. నోటీసుకు ముందే గేట్‌వే ద్వారా రీఫండ్ ఇచ్చి ఉంటే మాత్రం కేసు వదలకండి. ఆ రీఫండ్ తేదీ, మొత్తం, ARN నంబరు జవాబులో పెట్టండి. ఆ నంబరుతో కొన్నవారి బ్యాంకు రీఫండ్ ఎక్కడ జమైందో వెతికి చూసుకోగలదు.