లిమిట్ ఎవరి చేతిలో ఉండాలి? యూపీఐ గొడవ వెనక 2020 నాటి ఒక ఉత్తర్వు

యూపీఐ పరిమితి మీద వాదన మళ్లీ మొదలైంది. 2025 సెప్టెంబరు 15 నుంచి బీమా ప్రీమియం, షేర్ మార్కెట్, అప్పుల వాయిదాలు, ప్రయాణాల లాంటి కొన్ని రకాల చెల్లింపులకు ఒక్కసారికి 5 లక్షలు, 24 గంటల్లో 10 లక్షల దాకా పంపే వీలు వచ్చింది. మనిషి నుంచి మనిషికి పంపే డబ్బు మాత్రం రోజుకు లక్ష దగ్గరే ఆగింది. ఈ లక్ష కూడా పెంచాలని కొందరు అంటున్నారు. మోసపోయిన కుటుంబాలు మాత్రం, అడగకుండా మాకు లక్ష ఎందుకు తెరిచిపెట్టారని నిలదీస్తున్నాయి.

నోట్ల రద్దు నాటి ఏటీఎం క్యూల నుంచి ఈ కథ మొదలుపెట్టడం అలవాటు. నిజానికి ఇప్పటి గొడవకు మూలం 2020 జనవరి 15న రిజర్వ్ బ్యాంకు కార్డుల మీద ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఉంది. కొత్త కార్డు ఇస్తే అది దేశంలోని ఏటీఎంలో, షాపులోని మెషీన్‌లో మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చేసే చెల్లింపులు ఖాతాదారు కోరితేనే తెరవాలి. ఒక్కో వాడకానికి ఎంత లిమిట్ ఉండాలో ఖాతాదారే ఏ వేళలోనైనా పెట్టుకోగలగాలి, దేన్నైనా ఆపేయగలగాలి. ఈ సెట్టింగుల్లో ఏది మారినా బ్యాంకు మెసేజ్ పంపాలి. కోవిడ్ వల్ల అమలు కాస్త ఆలస్యమైనా, ఆ ఏడాది అక్టోబరుకల్లా ఈ సదుపాయం కార్డుదారుల చేతికి వచ్చింది.

అంతకు ముందు ఈ నిర్ణయం పూర్తిగా బ్యాంకుదే. 2018 అక్టోబరు 31 నుంచి స్టేట్ బ్యాంకు తన క్లాసిక్, మాస్ట్రో డెబిట్ కార్డులపై రోజుకు 40 వేలున్న ఏటీఎం పరిమితిని 20 వేలకు తగ్గించింది. ఏటీఎం మోసాలపై ఫిర్యాదులు పెరగడం, డిజిటల్ చెల్లింపులను ప్రోత్సహించడం అందుకు చెప్పిన కారణాలు. 20 వేలు సరిపోని వాళ్లకూ, అసలు 5 వేలు మించి ఎప్పుడూ తీయని వాళ్లకూ ఒకటే కొలత.

2020 ఉత్తర్వు కార్డులకే. యూపీఐకి అది వర్తించలేదు. అందుకే యూపీఐ లిమిట్‌ను మనమే తగ్గించుకునే వీలు కొన్ని బ్యాంకుల యాప్‌లలో ఉంది, కొన్నింటిలో లేదు. లిమిట్లు తక్కువ పెడితే చెల్లింపులు ఆగిపోయి జనం ఇబ్బంది పడతారన్నది బ్యాంకుల వైపు వాదన. అందులో నిజం ఉంది. కానీ ఆ ఇబ్బంది కాసేపట్లో తీరిపోతుంది, పోయిన డబ్బు సంగతి అలా కాదు.

ఎందుకో తెలియాలంటే 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన చూడాలి. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లోగా చెబితే మన మీద భారం పడదు. అదే పిన్ చెప్పేయడం లాంటి నిర్లక్ష్యం మనదైతే, బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయిందంతా మనదే. చెప్పాక పోయేది బ్యాంకు భరించాలి. అంటే దొంగ మొదలుపెట్టిన నిమిషానికీ, మనం ఫోన్ చేసిన నిమిషానికీ మధ్య మన నష్టానికి హద్దు ఆ రోజు లిమిట్ ఒక్కటే.

గుంటూరులో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ టీచర్‌ను ఊహించుకుందాం. కార్డు మీద ఏటీఎం లిమిట్ 40 వేలు, ఆవిడ తీసేది నెలకు ఓసారి 8 వేలు. కార్డు కవర్ మీదే పిన్ రాసుకున్నారు. రాత్రి పదకొండున్నరకు అది దొంగ చేతిలో పడింది. చాలా బ్యాంకుల్లో కార్డు లిమిట్ అర్ధరాత్రికి కొత్తగా మొదలవుతుంది. కాబట్టి పన్నెండుకు ముందు 40 వేలు, తర్వాత ఇంకో 40 వేలు తీసేయవచ్చు. పొద్దున ఆవిడ చూసుకునేసరికి 80 వేలు పోయి ఉంటాయి. అదే లిమిట్ 10 వేలకు దించి ఉంటే పోయేది 20 వేలే. ఆవిడ బ్యాంకు స్టేట్ బ్యాంకు అయితే మరో అడ్డు ఉంటుంది. 2020 సెప్టెంబరు 18 నుంచి ఆ బ్యాంకు తన ఏటీఎంలలో 10 వేలు, ఆపైన తీయాలంటే పగలూ రాత్రీ ఓటీపీ అడుగుతోంది.

దించడం తేలికే. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళితే ఏటీఎం, షాపు, ఆన్‌లైన్, విదేశీ అని విడివిడిగా మీటలు, వాటి పక్కన మొత్తాలు కనిపిస్తాయి. టీచర్‌గారి అవసరానికి ఏటీఎం 10 వేలు, షాపు 5 వేలు పెట్టి మిగతా రెండూ ఆపేస్తే చాలు. స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఏటీఎంలోనో, బ్యాంకు ఫోన్ లైన్‌లోనో ఈ పని చేసుకోవచ్చు.

యూపీఐ లిమిట్ దించే వీలు మీ బ్యాంకులో లేకపోతే ఇంకో దారి ఉంది. జీతమో పెన్షనో పడే ఖాతాను యూపీఐ నుంచి తీసేసి, వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి దాన్ని కలపండి. నెల ఖర్చుకు సరిపడా అందులో వేసుకుంటే, ఆ నిల్వే లిమిట్‌గా పనిచేస్తుంది. అయితే డిజిటల్ అరెస్ట్ పేరుతో జరిగే పెద్ద దోపిడీలను ఇవేవీ ఆపలేవు. అక్కడ బాధితులే భయంతో బ్యాంకుకు వెళ్లి ఆర్‌టీజీఎస్ చేస్తుంటారు.

పెంచాల్సిన రోజూ వస్తుంది. ఆసుపత్రిలో 3 లక్షలు అడ్వాన్స్ కట్టమన్నారనుకోండి. ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు ఒక్కసారికి 5 లక్షలు పంపే వీలు ఇవ్వాలని 2023 డిసెంబరులోనే రిజర్వ్ బ్యాంకు నిర్ణయించింది. అయినా కౌంటర్ దగ్గర చెల్లింపు ఆగిపోతుంటుంది. కారణం చాలాసార్లు ఎదురుగా ఉన్న క్యూఆరే. అది ఆసుపత్రి పేరుతో మర్చంట్‌గా నమోదై ఉండాలి. స్కాన్ చేశాక ఆసుపత్రి పేరుకు బదులు ఎవరో మనిషి పేరు కనిపిస్తే అది వ్యక్తిగత ఖాతా కావచ్చు, లక్ష హద్దు వర్తిస్తుంది. మర్చంట్ క్యూఆర్ ఇమ్మని అడగండి. పేరు సరిగానే ఉన్నా ఆగితే, మీ బ్యాంకు సొంతంగా తక్కువ లిమిట్ పెట్టుకుని ఉండొచ్చు. అప్పుడు యాప్‌లో పెంచుకోవాలి, ఆ వీలు లేకపోతే నెట్ బ్యాంకింగ్‌లో కట్టాలి. పని అయ్యాక సాయంత్రానికల్లా మళ్లీ దించేయండి. ఇంకో సంగతి, ఫోన్ మార్చి యూపీఐ కొత్తగా నమోదు చేస్తే మొదటి 24 గంటలు సాధారణంగా 5 వేలే వెళతాయి. సిమ్ కాజేసి ఖాతా ఊడ్చే ముఠాలకు ఇది అడ్డుకట్ట. ఆపరేషన్ ముందురోజు కొత్త ఫోన్‌కు మారకండి.

లిమిట్ పెంచుతామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లనూ నమ్మకండి. ఈ పనికి స్క్రీన్ షేరింగ్ యాప్ ఎప్పుడూ అవసరం లేదు. దొంగ ఖాతాలో దూరితే ముందు లిమిట్లు పెంచి, ఆ తర్వాత డబ్బు లాగే ప్రమాదం ఉంది. కాబట్టి మీరు ముట్టుకోకుండానే 'కార్డు లిమిట్ మారింది', 'ఆన్‌లైన్ వాడకం ఆన్ అయింది' అని మెసేజ్ వస్తే, డబ్బు పోయేదాకా ఆగకండి. ముందు యాప్‌లోనో, కార్డు వెనక ఉన్న నంబర్‌కు ఫోన్ చేసో కార్డు బ్లాక్ చేయించండి, యూపీఐ ఆపించండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. డబ్బు కదిలిందని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఏ సమయానికి చెప్పారన్నది ఆ ఫిర్యాదు నంబర్‌తోనే రుజువవుతుంది. 2017 నిబంధన ప్రకారం మీ వాటా ఎంత, బ్యాంకు వాటా ఎంత అన్నది తేలేది ఆ సమయాన్ని బట్టే.