ఫ్యాక్టోరియల్ అంచనాలో √(2π) ఎక్కడి నుంచి వచ్చింది?

n! విలువకు పుస్తకాల్లో కనిపించే అంచనా √(2πn)·(n/e)ⁿ. ఇందులో (n/e)ⁿ ఎలా వస్తుందో లాగ్ తీసుకుంటే తెలిసిపోతుంది. √n కూడా ఒక బొమ్మ గీస్తే బయటపడుతుంది. అసలు చిక్కంతా √(2π) దగ్గరే. పూర్ణ సంఖ్యల గుణకారంలోకి వృత్తం ఎలా వచ్చింది? 1720లలో ఇద్దరు గణితజ్ఞులు తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న ఇదే.

లండన్‌లో స్థిరపడిన ఫ్రెంచివాడు అబ్రహాం డి మోవర్‌కు కావలసింది నిజానికి ఫ్యాక్టోరియల్ కాదు. (1+1)ⁿ ను విస్తరిస్తే మధ్యలో వచ్చే పదం మొత్తంలో ఎన్నో వంతు? అంటే, నాణేన్ని వందసార్లు ఎగరేస్తే సరిగ్గా యాభైసార్లు బొమ్మ పడే సంభావ్యత ఎంత? 100!/(50!·50!) ను 2¹⁰⁰ తో భాగిస్తే జవాబు వస్తుంది. అయితే 100! అంటే 158 అంకెల సంఖ్య. కాగితం మీద గుణించి తేల్చడం కన్నా లాగ్‌లు కూడడం నయం. దానికన్నా నయమైన దారి, ఆ కూడికను కూడా తప్పించుకోవడం.

ఆ దారి ఇది. ln n! అంటే ln 1 + ln 2 + … + ln n. ఒక్కో ln k ను ఒక యూనిట్ వెడల్పు, ln k ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రంగా గీస్తే, ఈ మొత్తం వాటి వైశాల్యం. వాటి పక్కనే y = ln x వక్రం గీయండి. వక్రం కింద 1 నుంచి n దాకా వైశాల్యం సమాకలనంతో కచ్చితంగా వస్తుంది: n ln n − n + 1. లాగ్ ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి, దీర్ఘచతురస్రాలను కుడి అంచు ఎత్తుతో గీస్తే అవి వక్రాన్ని దాటి పైకి పొడుచుకొస్తాయి. ఎడమ అంచు ఎత్తుతో గీస్తే వక్రం కిందే ఉండిపోతాయి. ఈ రెంటికీ తేడా చివరి దీర్ఘచతురస్రం ఒక్కటే, అంటే ln n. కాబట్టి

n ln n − n + 1 < ln n! < n ln n − n + 1 + ln n

n = 10 కి కింది హద్దు 14.0259, పై హద్దు 16.3284. అసలు విలువ 15.1044. లాగ్‌లో చూస్తే దగ్గరగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ లాగ్‌లో తేడా అసలు సంఖ్యలో గుణకంగా మారుతుంది. e పైకి ఎత్తగానే హద్దులు సుమారు 12.3 లక్షలు, 123.4 లక్షలు అవుతాయి, 10! మాత్రం 36,28,800. ఈ పద్ధతిలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లాగ్‌లో 'ఒక శాతం తప్పు' అంటే ఫ్యాక్టోరియల్‌లో ఒక శాతం తప్పు కాదు.

దీర్ఘచతురస్రాలకు బదులు, వక్రం మీది పక్క పక్క బిందువులను గీతలతో కలిపి ట్రెపీజియాలు చేస్తే పరిస్థితి బాగుపడుతుంది. వాటి మొత్తం వైశాల్యం ln n! − ½ ln n. √n వచ్చింది ఈ సగం లాగ్ నుంచే. ఇక మిగిలేది వక్రానికీ గీతలకూ నడుమ ఉండే సన్నని చీలికలు. లాగ్ వక్రం పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి చీలికలన్నీ ఒకే వైపున, వక్రం కిందే పడతాయి. 1, 2 మధ్య చీలిక వైశాల్యం 0.0397, 2, 3 మధ్య 0.0137, 3, 4 మధ్య 0.0069. k దగ్గర చీలిక దాదాపు 1/(12k²) కాబట్టి ఎన్ని కూడినా మొత్తం ఒక హద్దు దాటదు. పదింటి దాకా 0.0727, వంద దాకా 0.0802, చివరికి 0.0811. ఆ మొత్తంలో దాదాపు సగం మొదటి చీలికదే!

దీన్నిబట్టి n! అంచనా C·√n·(n/e)ⁿ రూపంలో ఉండాలి. చీలికలను బొత్తిగా వదిలేస్తే C స్థానంలో e = 2.718 వస్తుంది. అప్పుడు 10! సుమారు 39.03 లక్షలు, అంటే ఏడున్నర శాతం ఎక్కువ. n పెంచినా ఈ తప్పు తగ్గదు, పైగా 8.4 శాతం దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. కాబట్టి చీలికల మొత్తాన్ని కచ్చితంగా తెలుసుకోవాలి.

డి మోవర్ ఆగిపోయింది ఇక్కడే. ఆయన దగ్గర చీలికల లెక్కను సరిదిద్దే శ్రేణి ఒకటి ఉంది: ln n! అంచనాకు 1/(12n) − 1/(360n³) + 1/(1260n⁵) − … కలపాలి. ఇందులో n = 1 పెడితే, 1! = 1 కాబట్టి, C కి ఒక సూత్రం వస్తుంది:

ln C = 1 − 1/12 + 1/360 − 1/1260 + 1/1680 − …

అయిదు పదాలు కూడితే 0.91925, C సుమారు 2.5074. అంతకన్నా ముందుకు పోకుండా ఆయన ఆ సంఖ్యతోనే సరిపెట్టుకున్నాడు. స్కాట్లండ్ వాడైన జేమ్స్ స్టిర్లింగ్ అదే లెక్క చేసి, ఆ సంఖ్య ఒక యూనిట్ వ్యాసార్ధం గల వృత్తపు చుట్టుకొలతకు వర్గమూలమని కనిపెట్టాడు. అంటే √(2π) = 2.50663. ఇద్దరి గ్రంథాలూ 1730లోనే వెలువడ్డాయి. 1733లో అచ్చయిన చిన్న పత్రంలో డి మోవర్ ఈ ఘనత స్టిర్లింగ్‌దేనని స్పష్టంగా రాశాడు. ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. నేడు స్టిర్లింగ్ పేరుతో చెలామణీ అవుతున్న రూపం డి మోవర్ రాసిన దానికే దగ్గర. స్టిర్లింగ్ సొంత సూత్రం n కు బదులు n + ½ మీద నడుస్తుంది. స్థిరాంకం ఆయనది, రూపం డి మోవర్‌ది.

వృత్తం వచ్చిన దారి కూడా మధ్య పదంలోనే ఉంది. C·√n·(n/e)ⁿ ను (2n)!/(n!)² లో పెడితే e లన్నీ కొట్టుకుపోయి 4ⁿ·√2/(C√n) మిగులుతుంది. జాన్ వాలిస్ 1656లో ప్రచురించిన π గుణకార సూత్రం ప్రకారం ఇదే పదం 4ⁿ/√(πn) కు చేరాలి. రెండూ సమానం చేస్తే C = √(2π). వంద నాణేల ప్రశ్నకు ఇది 1/√(50π) = 0.0798 అని చెబుతుంది. కచ్చితమైన విలువ 0.0796.

డి మోవర్ 2.5074 ఎందుకు తప్పింది? శ్రేణి మెల్లగా దగ్గరపడుతోందని ఆయన అనుకున్నాడు. నిజానికి అది ఎక్కడికీ చేరదు. n = 1 దగ్గర పదాలు 1/1680 దాకా తగ్గి, తరవాత 1/1188, ఆపైన 691/360360 అంటూ పెరగడం మొదలుపెడతాయి. ఎంత పెద్ద n తీసుకున్నా ఎప్పుడో ఒకప్పుడు ఇదే జరుగుతుంది. ఈ సంగతి ఎత్తిచూపినవాడు థామస్ బేయస్. ఆయన ఉత్తరం చనిపోయాక 1763లో అచ్చయింది.

అలాగని శ్రేణి పనికిరానిది కాదు. వరసగా వచ్చే పదాల గుర్తులు మారుతుంటాయి, పైగా ఈ శ్రేణిని ఎక్కడ ఆపినా తప్పు తరవాతి పదం కన్నా చిన్నదే. డి మోవర్ చేసిన పొరపాటు n = 1 ఎంచుకోవడం. మొదటి చీలికే అన్నిటికన్నా పెద్దదని పైన చూశాం. ఆ చీలికలను శ్రేణికి వదలకుండా, 10! ను నేరుగా గుణించి లాగ్ తీసుకోండి: 15.1044126. ఇందులోంచి 10 ln 10 − 10 ను, ½ ln 10 ను తీసేస్తే 0.9272691 మిగులుతుంది. 1/120 తీసి, 1/360000 కలిపితే 0.9189385. C = 2.506628. అదే శ్రేణి, రెండే పదాలు, √(2π) కి ఏడు అంకెలు సరిపోయాయి.