టింగుమన్న ప్రతిసారీ

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఉంటాం. సాయంత్రం ఏడింటికి తను పుస్తకాల ముందు కూర్చుంటుంది. దసరా సెలవులు అయిపోయాక ఒక రోజు నేనూ పక్కనే కూర్చుని, తన ఫోను మోగినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీశాను. తనకు చెప్పే చేశాను. ఏడు నుంచి తొమ్మిది వరకు 41 గీతలు పడ్డాయి. వాటిలో తను ఫోను చేతిలోకి తీసుకుంది ఆరుసార్లే.

"చూడు నాన్నా, ఆరుసార్లే కదా" అంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మిగిలిన 35 సార్లు ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

దీనికి 2015లో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి చక్కగా జవాబు చెబుతుంది. విద్యార్థులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వస్తుంటాయి. ప్రతి అంకెకూ మీట నొక్కాలి, 3 వస్తే మాత్రం చెయ్యి ఆపుకోవాలి. మనసు కాస్త పక్కకు పోయినా తప్పు దొర్లే పని ఇది. సగం పని అయ్యాక, కొందరి ఫోన్లకు వాళ్లకు తెలియకుండా కాల్స్, మెసేజీలు పంపారు. వాళ్లు ఫోను ముట్టలేదు, చూడలేదు. అయినా తప్పులు పెరిగాయి. అంతకుముందు అధ్యయనాల్లో ఫోను నిజంగా వాడినవాళ్ల ఏకాగ్రత ఎంత దెబ్బతిన్నదో, ఇక్కడ వట్టి శబ్దానికే దాదాపు అంత నష్టం కనిపించింది.

కారణం మనందరికీ అనుభవమే. టింగుమనగానే "ఎవరై ఉంటారు? రికార్డు గురించేనా?" అని లోపల ఒక ప్రశ్న మొదలవుతుంది. చెయ్యి కదలకపోయినా ఆ ప్రశ్న నడుస్తూనే ఉంటుంది. త్రికోణమితి లెక్కలో మూడో మెట్టు మీద ఉన్న పిల్ల మళ్లీ మొదటి మెట్టు నుంచి చదువుకోవాల్సి వస్తుంది. అందుకే "మోగినా చూడొద్దు" అని పిల్లలకు చెప్పడం వల్ల ఉపయోగం లేదు. మోగకుండా చూడాలి.

అలాగని ఫోను లాక్కోవడమూ పనిచెయ్యదు. ఆ తప్పు నేనే చేశాను. సెలవులకు ముందు నాలుగు రోజులు ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. అరగంటకోసారి లేచి వచ్చి "కాలేజీ గ్రూపులో ఏమైనా పెట్టారేమో నాన్నా" అనేది. శబ్దం పోయింది కానీ టెన్షన్ పోలేదు. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం చదివాక ఇది నాకు సరిగ్గా అర్థమైంది. 237 మంది మీద రెండు వారాలు చేశారు. కొందరికి నోటిఫికేషన్లు ఎప్పటిలాగే వచ్చేవి. కొందరికి రోజుకు మూడుసార్లు మూటగా వచ్చేవి. ఇంకొందరికి అసలు వచ్చేవి కావు. మూడుసార్లు మూటగా అందుకున్నవాళ్లు ఏకాగ్రత బాగుందని, మనసు తేలికగా ఉందని చెప్పారు. పూర్తిగా ఆగిపోయినవాళ్లలో మాత్రం ఏదో తప్పిపోతున్నామన్న ఆందోళన పెరిగింది. పరీక్షలకు చదివే పిల్లకైనా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. ఎప్పుడు చూడొచ్చో తెలిస్తే మనసు అప్పటిదాకా ఆగుతుంది.

అందుకని ఒక ఆదివారం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. వేళలు తనే చెప్పింది. ఏడు నుంచి 7:50, పది నిమిషాలు విరామం, మళ్లీ ఎనిమిది నుంచి 8:50. విరామంలో ఫోను తనది, ఏం చూసినా మేం అడగం. తనూ మాకొక షరతు పెట్టింది. ఆ వేళలో నేను షాపు నుంచి వీడియోలు ఫార్వర్డ్ చెయ్యకూడదు, వాళ్లమ్మ టీవీ తలుపు వేసుకుని చూడాలి. నేను పంపే వీడియోలూ తన చదువుకు అడ్డమేనని అప్పుడే తెలిసింది. ఒప్పుకున్నాను.

ఇక ఫోనులో చేసింది. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ఫోను మోత ఆపే Do Not Disturb ఉంటుంది. దానికి రెండు వేళలూ షెడ్యూలుగా పెట్టాం, రోజూ అదే మొదలై అదే ఆగిపోతుంది. రోజూ చేత్తో నొక్కాలంటే రోజూ ఒక వాదన, కాబట్టి షెడ్యూలే మేలు. ఎవరి కాల్ మోగాలో తనే ఎంచుకుంది. నన్నూ వాళ్లమ్మనూ చంద్రగిరిలో ఉండే అవ్వనూ కాంటాక్టుల్లో నక్షత్రం గుర్తు పెట్టి, వాళ్ల కాల్స్ మాత్రం రానిచ్చింది. క్లాసు గ్రూపును దీనిలోకి తేవాలా అని చాలాసేపు తర్కించుకున్నాం. గ్రూపుకు మినహాయింపు ఇస్తే 41లో 26 తిరిగి వచ్చేస్తాయి. నోటీసు ఏదైనా యాభై నిమిషాలు ఆగొచ్చని చివరికి తనే తేల్చింది.

అక్కడే Repeat callers అని ఇంకొక మీట ఉంది, దాన్ని ఆన్‌లో ఉంచాం. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే, నక్షత్రం లేకపోయినా అది మోగుతుంది. ఒక రోజు అవ్వ ఫోనులో చార్జింగ్ అయిపోయి, పక్కింటావిడ ఫోను నుంచి చేసింది. మొదటి కాల్ చప్పుడు లేకుండా పోయింది. రెండోది మోగింది. బీపీ మాత్రలు అయిపోయాయని చెప్పడానికి చేసింది, పొద్దున తీసుకెళ్లి ఇచ్చాను. తల్లిదండ్రులకు ఉండే "అర్జెంటు అయితే ఎట్లా" అన్న భయానికి ఈ ఒక్క మీట చాలావరకు సరిపోతుంది.

మొదటి వారం రెండు చోట్ల దెబ్బతిన్నాం. చప్పుడు ఆగింది కానీ మెసేజ్ వచ్చినప్పుడల్లా తెర వెలిగేది. చీకటి మూలన ఉన్న టేబుల్ మీద ఆ వెలుగు టింగుమన్న దానితో సమానం. నోటిఫికేషన్లు కనిపించకుండా కూడా దాచే ఎంపిక అదే సెట్టింగుల్లో ఉంది, ఫోనును బట్టి దాని పేరు మారుతుంది. అది పెట్టాక ఆగింది. రెండోది కనిపెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఫోను నోరు మూసుకుని ఉన్నా గదిలో టింగుమని వినిపిస్తూనే ఉంది. ఫిజిక్స్ పాఠం చూసే ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి ఉంది! ఫోనులో పెట్టిన కట్టుబాటు ల్యాప్‌టాప్‌కు తెలియదు. వాట్సాప్‌లో Linked devices లోకి వెళ్లి దాన్ని తీసేసింది. మీ పిల్లలు స్మార్ట్ వాచీ పెట్టుకుంటే దాన్నీ ఒకసారి చూసుకోండి.

పని జరుగుతోందా లేదా అన్నది నేను అడగను. పుస్తకం పక్కన ఒక కాగితం ఉంటుంది, చదివే వేళలో తన చెయ్యి ఫోను మీదికి పోయినప్పుడల్లా తనే గీత గీసుకుంటుంది. మొదటి రోజు తొమ్మిది. మూడో వారానికి రెండు, మూడు. సున్నా ఎప్పుడూ రాలేదు. ఆ రెండు మూడూ మోత వల్ల పోయిన చెయ్యి కాదు, లెక్క రాక విసుగు పుట్టినప్పుడు పోయిన చెయ్యి. నోటిఫికేషన్లు ఆపడం ఆ విసుగును తీర్చదు. అలాంటి గీత పడిన చోట పుస్తకంలో పెన్సిలుతో చుక్క పెట్టుకోమన్నాను. ఆ చుక్కలున్న లెక్కలే పొద్దున కాలేజీలో సారును అడుగుతోంది.

పోయిన ఆదివారం మళ్లీ కూర్చున్నాం. పది నిమిషాల విరామం చాలడం లేదు, పదిహేను కావాలంది. ఎనిమిదింటికి బదులు 8:05కు మొదలుపెట్టి, 8:55కు ముగిసేటట్టు షెడ్యూలు మార్చుకుంది.