పట్టులో జిగురెంత?

బెంగళూరు చిక్కపేటలో జాకెట్టు గుడ్డ అడిగితే బల్ల మీద మూడు తాన్లు పరుస్తారు. ఒకటి మల్బరీ పట్టు, ఒకటి టస్సర్, ఒకటి రా సిల్క్. వింటే మూడూ మూడు జాతులనిపిస్తుంది. కానీ ఇది సోనామసూరి, బాస్మతి, దంపుడు బియ్యం అని వరసపెట్టి చెప్పడం లాంటిది. మొదటి రెండూ పురుగుల మధ్య తేడా, మూడోది ఆ పట్టు ఏ దశలో ఉందో చెప్పే మాట. దంపుడు బియ్యానికి తవుడు ఉన్నట్టే రా సిల్క్‌కి జిగురు ఉండాలి. ఆ జిగురు దగ్గర్నుంచి మొదలుపెడితే గుడ్డ మెరుపూ, బిరుసూ, ఉతికే పద్ధతీ అన్నీ అర్థమవుతాయి.

పట్టుపురుగు నోటి నుంచి ఒకేసారి రెండు సన్నటి పోగులు వస్తాయి. ఆ పోగులు ఫైబ్రోయిన్ అనే ప్రోటీను. రెండింటినీ కలిపి అతికించే పూత సెరిసిన్ అనే మరో ప్రోటీను. అదే జిగురు. మల్బరీ పట్టులో దాని బరువు దాదాపు నాలుగో వంతు. అది వేడి నీళ్లలో మెత్తబడుతుంది, సబ్బు, సోడా కలిపిన వేడి నీళ్లలో కరిగిపోతుంది. లోపలి ఫైబ్రోయిన్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. పట్టుకు రంగు వేసేవాళ్ల పని అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

బెంగళూరు నుంచి మైసూరు దారిలో గంట ప్రయాణంలో వచ్చే రామనగర పట్టుగూళ్ల మార్కెట్లో తెల్ల గూళ్లతో పాటు పసుపుపచ్చ గూళ్లూ రాశులుగా కనిపిస్తాయి. ఆ పసుపు మల్బరీ ఆకులోంచి పురుగు తీసుకున్న రంగే, అది ఎక్కువగా జిగురులో చేరుతుంది. అందుకే నూలును సబ్బు నీళ్లలో ఉడకబెడితే పసుపు పోయి తెల్లటి పట్టు బయటపడుతుంది. టస్సర్ అలా కాదు. మన తెలుగులో దసలి పట్టు అనే ఈ రకం మద్ది చెట్ల మీద, ఆరుబయట పెరిగే వేరే పురుగుది. దాని గూడు గట్టిగా, తొడిమతో కొమ్మకు వేలాడుతూ ఉంటుంది. జిగురు తక్కువే గానీ కరగడం కష్టం. గోధుమ రంగు పోగులోనే ఇంకి ఉంటుంది కాబట్టి ఎంత ఉడికించినా తెల్లగా రాదు. తెల్లటి టస్సర్ కావాలంటే బ్లీచింగ్ చేయాల్సిందే.

ఇప్పుడు దుకాణంలోని రా సిల్క్ సంగతి. పరిశ్రమ లెక్కలో రా సిల్క్ అంటే జిగురు తీయని పట్టునూలు. కోరా పట్టు, ఆర్గంజా దాదాపు ఇలాంటివే. పలచగా ఉన్నా కాగితంలా నిలబడతాయంటే కారణం జిగురే. కానీ జాకెట్లకూ కుర్తాలకూ అమ్మే 'రా సిల్క్' చాలాసార్లు జిగురు తీసేసిన డూపియన్ రకం గుడ్డ. రెండు పురుగులు కలిసి ఒకే గూడు అల్లితే పోగులు చిక్కుపడి, తీసిన నూలు అక్కడక్కడా లావుగా వస్తుంది. ఆ లావు పోగుల గీతలు చూసి జనం దాన్ని 'రా' అంటారు. గరుకుగా ఉన్నదంతా పచ్చిదే అనుకోవడం వల్ల వచ్చిన పేరు ఇది. మోసం అనలేం గానీ, ఉతికేటప్పుడు ఈ తేడాయే కొంప ముంచుతుంది. అసలు జిగురున్న గుడ్డను ఉతికితే బిగువు పోతుంది, డూపియన్‌కి ఆ భయం లేదు.

అందుకే మన దగ్గరున్న రా సిల్క్ ఏ రకమో తేల్చుకోవడం మేలు. టైలర్ దగ్గర మిగిలిన కత్తిరింపు ముక్క చాలు. ముందు అంచు నుంచి పడుగు పోగులు కొన్ని, పేక పోగులు కొన్ని విడివిడిగా లాగి కాల్చి చూడాలి. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నుసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. కరిగి గట్టి పూస కడితే అది పాలిస్టర్. రెండు వైపులా చూడమనడానికి కారణం, ఒకవైపు పట్టు, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసిన గుడ్డలు మామూలుగానే దొరుకుతాయి. అయితే కాల్చి చూస్తే మల్బరీనో టస్సరో తెలియదు, రెండూ ఒకేలా కాలతాయి.

పట్టేనని తేలాక జిగురు లెక్క. ఒక గ్రాము తూగేంత ముక్క తీసుకుని, గదిలో ఒక రోజంతా వదిలేసి, గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూనికలో తూచాలి. 1.00 గ్రాము వచ్చిందనుకుందాం. స్టీలు గిన్నెలో అర లీటరు ఫిల్టరు నీళ్లు పోసి, రెండు మూడు గ్రాముల సబ్బు తురిమి కలిపి, మరిగీ మరగనట్టుగా ముప్పావు గంట ఉంచాలి. తగ్గిన నీటికి బదులు వేడి నీళ్లు కలుపుతూ ఉండాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడుసార్లు జాడించి, అదే గదిలో మళ్లీ ఒక రోజు ఆరనిచ్చి తూచాలి. బరువు 0.75 దగ్గరికి దిగితే గుడ్డలో జిగురు పూర్తిగా ఉన్నట్టే. 0.97, 0.98 దగ్గర ఆగితే జిగురు ముందే తీసేశారు. మధ్యలో, 0.88 లాంటి చోట ఆగితే పడుగో పేకో ఒకటే జిగురుతో ఉండవచ్చు, లేదా నిలబడటానికి పట్టించిన గంజి పోయి ఉండవచ్చు.

ఈ లెక్క తప్పడానికి మూడు దారులున్నాయి. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మామూలుగా దాని పొడి బరువులో 11 శాతం దాకా. కాబట్టి వానరోజున ఒకసారి, ఎండరోజున ఒకసారి తూస్తే జిగురు పోకపోయినా బరువు మారుతుంది. బోరు నీళ్లు వాడితే సబ్బు తెట్టు కట్టి ముక్క మీద పేరుకుని బరువు పెంచుతుంది. అంచుల్లో ఊడిన పోగులు నీళ్లతో పోతే అదీ జిగురు ఖాతాలోకే వెళ్తుంది, వాటిని ఏరి ముక్కతో కలిపి తూచాలి. టస్సర్‌కి ఈ పరీక్ష పనికిరాదు. గూళ్లను సోడా నీళ్లలో ఉడికించి నూలు తీసేటప్పుడే దాని జిగురులో చాలా భాగం పోతుంది.

మెరుపు విషయానికి వస్తే, జిగురు తీసిన మల్బరీ పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మూలలు కాస్త గుండ్రబడ్డ త్రిభుజంలా ఉంటుంది. ఆ నున్నటి ముఖాల మీద పడిన వెలుగు అద్దం మీద పడినట్టు ఒక వైపుకే తిరుగుతుంది. కుచ్చిళ్లు కదిలినప్పుడు మెరుపు జారినట్టు కనిపించేది అందుకే. జిగురున్నప్పుడు ఆ ముఖాలు పూత కింద దాగి ఉంటాయి, గుడ్డ మసకగా ఉంటుంది. టస్సర్ పోగు రిబ్బనులా చదునుగా, లోపల సన్నటి బోలుదారులతో ఉంటుంది. వెలుగు లోపలే చెదిరి బయటికొస్తుంది కాబట్టి దాని మెరుపు పాత ఇత్తడి గిన్నె మెరుపులా నిమ్మళంగా ఉంటుంది. పోగు మందం కూడా ఎక్కువ. మల్బరీ పోగు తొమ్మిది వేల మీటర్లు తూస్తే రెండున్నర, మూడు గ్రాములుంటే, టస్సర్ పోగు అంతే పొడవు ఎనిమిది, పది గ్రాములు తూగుతుంది. చేతికి తగిలే ఆ గరుకులో సగం ఈ లావుదే.

లావుగా ఉంది కాబట్టి టస్సర్ బలమైనదనుకుంటారు. ఒకే మందం లెక్కన చూస్తే ఎక్కువ బరువు మోసేది మల్బరీయే. టస్సర్ కాస్త ముందే తెగుతుంది, కానీ తెగేలోపు ఎక్కువ సాగుతుంది. అయినా జాకెట్టు చంకల దగ్గర టస్సర్ విచ్చుకుపోవడానికి కారణం పోగు తెగడం కాదు. వదులు నేతలో పోగులు కుట్టు దగ్గర పక్కకు జరిగిపోతాయి. దారం చెక్కుచెదరకుండా ఉంటుంది, పక్కన జల్లెడలా కన్నాలు కనిపిస్తాయి. టస్సర్ కుట్టించేటప్పుడు లోపల రెండు సెంటీమీటర్ల గుడ్డ వదలమని, లైనింగు వేసి ఒంటికి మరీ బిగించవద్దని టైలర్‌కి ముందే చెప్పాలి.

ఇక ఉతకడం. ఇక్కడ చెప్పేది జరీ, ఎంబ్రాయిడరీ లేని గుడ్డ గురించి. తడిసిన పట్టు బలం అయిదో వంతు దాకా తగ్గుతుంది, అందుకే అసలు హాని నానినప్పుడు రుద్దడంలో ఉంది. మరక మీద రుద్దితే పోగు చివర్లు సన్నటి నూగులా చీలిపోతాయి. ఆ నూగు వెలుగును చెదరగొట్టి అక్కడ తెల్లటి చార కనిపిస్తుంది. రంగు వెలిసిందనుకుంటారు గానీ రంగు అక్కడే ఉంది, పోగు చీలింది.

సాదా మల్బరీకి ముందు అంచు తడిపి తెల్ల గుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. దిగకపోతే అయిదు లీటర్ల చల్లటి నీళ్లలో, ఎనిమిది పది కుంకుడుకాయలు నానబెట్టి పిసికి వడకట్టిన రసం కలిపి, గుడ్డను మూడు నాలుగు నిమిషాలు ముంచి తేల్చితే చాలు. కుంకుడుకు రెండు లాభాలు: సబ్బులా క్షారం కాదు, ట్యాంకరు నీళ్లలోనూ తెట్టు కట్టదు. ఒక్క లోపం, ఆ రసం గోధుమరంగుది, తెల్ల పట్టుకు డాగు పడుతుంది. తెల్లవాటికి క్షారం లేని లిక్విడ్ ఒక చెంచా వాడాలి. డబ్బా మీద ఎంజైమ్ అని ఉంటే పక్కన పెట్టేయాలి. రక్తం, పాలు లాంటి ప్రోటీను మరకల్ని అరగదీసేదే ఆ ఎంజైము, పట్టూ ప్రోటీనే. చివరి జాడింపులో నాలుగయిదు లీటర్లకు ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగరు వేస్తే గుడ్డలో క్షారం ఏమైనా మిగిలి ఉంటే విరుగుతుంది. నలిపినప్పుడు వచ్చే ఆ సరసర చప్పుడూ కొంత తిరిగొస్తుంది, నూలుకు చివర్లో పలచటి ఆమ్లం పట్టించి ఆ చప్పుడు తెప్పించడం పరిశ్రమలోనూ ఉన్న పద్ధతే. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి.

డూపియన్‌నీ ఇలాగే ఉతకవచ్చు, మొదటిసారి కాస్త ముడుచుకుంటుందని మాత్రం లెక్కలో ఉంచుకోవాలి. పరీక్షలో 0.75 చూపిన అసలు రా సిల్క్‌ని మాత్రం నీళ్లకు దూరంగా, డ్రై క్లీనింగుకే ఇవ్వాలి. అక్కడ వాడే ద్రావణాల్లో సెరిసిన్ కరగదు. టస్సర్‌కి పెద్ద బెడద నీటి చుక్క. ఒక్కచోట తడిస్తే గుడ్డలోని ఫినిషింగు ఆ తడి అంచుకు చేరి, ఆరాక వలయంలా కనిపిస్తుంది. ఆ వలయాన్ని మాత్రమే తుడిస్తే బయట ఇంకో పెద్ద వలయం వస్తుంది. రంగు దిగదని తేలిన గుడ్డయితే మొత్తం చల్లటి నీళ్లలో ఒకేసారి ముంచి వెంటనే తీసి, చదునుగా ఆరేస్తే చాలావరకు పోతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు కూడా టస్సర్ మీద నీళ్లు చిలకరించకూడదు. తడిపి గట్టిగా పిండిన నూలు తువ్వాలులో పావుగంట చుట్టి ఉంచితే తేమ అంతటా సమంగా పాకుతుంది, అప్పుడు తిరగేసి తక్కువ వేడి మీద లాగాలి.