భక్తి షార్ట్స్‌లో మొదటి మూడు సెకన్లు: అపోహలు – వాస్తవాలు

భక్తి వీడియోలకు స్క్రిప్టులు రాయడం నా పని. కొత్తగా ఛానల్ పెట్టినవాళ్లు నాతో తరచూ అనే మాటలివి. ఉదాహరణకు సింహాచలం చందనోత్సవం మీద అరవై సెకన్ల వీడియో అనుకుందాం.

అపోహ: దేవుడి వీడియో శ్లోకంతోనే మొదలవ్వాలి, లేకపోతే అపచారం.

వాస్తవం: ‘శుక్లాంబరధరం’ నిదానంగా చదివితేనే పది సెకన్లు పోతాయి. దానికి ముందు లోగో, తర్వాత ‘మన ఛానల్‌కు స్వాగతం’. ఈలోపు జనం తర్వాతి వీడియోకి వెళ్లిపోతారు. శ్లోకం మానక్కర్లేదు, చివరికి జరపండి. అక్కడిదాకా ఆగినవాళ్లు శ్రద్ధగా వింటారు కూడా.

అపోహ: ఊరు, క్షేత్రం, చరిత్ర ముందే చెప్పకపోతే అర్థం కాదు.

వాస్తవం: ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ‘విశాఖపట్నం సమీపంలోని సింహాచలం కొండపై కొలువైన శ్రీ వరాహ లక్ష్మీ నృసింహస్వామి...’ అని ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పైకి చదవండి. మూడు సెకన్లకు ‘కొండపై’ దగ్గర ఉంటారు. వినేవాళ్లకు ఇంకా ఒక్క సందేహమూ పుట్టలేదు.

దాని బదులు ఇలా మొదలుపెట్టండి: ‘ఈ స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే కనిపిస్తుంది.’ ఆరు మాటలు, దాదాపు అంతే సమయం. కానీ మిగతా రోజుల్లో ఏం కనిపిస్తుంది, ఎందుకలా అని వెంటనే రెండు ప్రశ్నలు లేస్తాయి. మొదటిదానికి జవాబు త్వరగా ఇచ్చేయండి: అక్షయ తృతీయ నాడు తప్ప స్వామి చందనపు పూతలోనే ఉంటారు. ఊరి పేరు కూడా ఇక్కడే చెప్పొచ్చు. రెండోది మాత్రం నలభయ్యో సెకను దాకా దాచండి. పురూరవ చక్రవర్తి పుట్టమన్ను తొలగించి స్వామిని వెలికితీశాడని, ఆ మట్టికి బదులుగా చందనం పూయమని ఆదేశం వచ్చిందని స్థలపురాణం. మధ్యలో చందన సమర్పణ లెక్క చెప్పండి: మూడేసి మణుగుల చొప్పున నాలుగు విడతలు. కథ దానంతటదే నడుస్తుంది.

అపోహ: ‘షాక్ అవుతారు’, ‘షేర్ చేయకపోతే అరిష్టం’ అంటేనే ఆగుతారు.

వాస్తవం: ఆగుతారు, కాసేపే. ‘నిజరూపం ఈ వీడియోలో చూడండి’ అని ఊరిస్తే, ఫొటోలు తీయనివ్వని గర్భాలయం లోపలిది ఏం తెచ్చి చూపిస్తారు? ఏ సెకను దాకా ఎంతమంది చూస్తున్నారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే సంగతి తెలిసిపోతుంది. గీత మొదట్లోనే పడిపోతే ఎత్తుగడ బాగాలేదని అర్థం. మొదట నిలబడి పదిహేనో సెకను దగ్గర ఒక్కసారిగా జారితే, అన్నమాట నిలబెట్టుకోలేదని జనం కనిపెట్టేశారన్నమాట. భయపెట్టే వాక్యాలు నేనైతే డబ్బిచ్చినా రాయను.

అపోహ: చూసేవాళ్లను మొదట్లోనే ఆపే హుక్ అంటే ఒక మంచి వాక్యం.

వాస్తవం: బొమ్మ, శబ్దం కూడా. గోపురం డ్రోన్ షాట్ అందరి దగ్గరా ఉంది. దాని బదులు సాన మీద గంధం అరగదీస్తున్న చేతులు దగ్గరగా చూపించి, ఆ రాపిడి చప్పుడు వినిపించండి. సౌండ్ ఆపేసి చూసేవాళ్ల కోసం ‘ఏడాదికి ఒక్కరోజే నిజరూపం’ అని తెర పైసగంలో పెద్ద అక్షరాల్లో వేయండి. అడుగున వేస్తే వీడియో టైటిల్, ఛానల్ పేరు దాన్ని కప్పేస్తాయి.